విమానం ఆలస్యమైనప్పుడు లాంజ్‌లోకి ఎప్పుడు వెళ్లాలి?

శంషాబాద్ విమానాశ్రయంలో సెక్యూరిటీ తనిఖీ దాటాక లాంజ్ బోర్డు కనబడితే చాలామంది ఆలోచించకుండా అటే నడుస్తారు. లోపల భోజనం, మెత్తటి కుర్చీలు, చేతిలో బ్యాంకు కార్డు ఉంది, ప్రవేశం ఉచితం, కాబట్టి వెంటనే వాడేయాలి అన్నది లెక్క. విమానం టైముకి బయల్దేరే రోజున ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఆలస్యమైన రోజునే అది తిరగబడుతుంది. లాంజ్ ప్రవేశం అంటే నిజానికి ఒక గది కాదు, రెండు గంటల సమయం. కార్డు గీకిన నిమిషం నుంచి అది కరగడం మొదలవుతుంది. విమానం ఎప్పుడు వస్తుందో తెలియకముందే దాన్ని ఖర్చు పెట్టుకున్నవారు అసలు అవసరమైన వేళకి బయట గేటు దగ్గర ఇనుప కుర్చీలో కూర్చుని ఉంటారు.

ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు చూద్దాం. కౌంటర్‌లో అమ్మాయి కార్డు తీసుకుని మెషిన్‌లో పెట్టగానే రెండు రూపాయల స్లిప్పు వస్తుంది. ఆ రెండు రూపాయలు లాంజ్ ధర కాదు. కార్డు నిజమైనదేనా, పనిచేస్తోందా, ఈ రకం కార్డుకి లాంజ్ సౌకర్యం ఉందా అని అడిగే ప్రశ్న మాత్రమే. కార్డు నంబరులోని మొదటి అంకెలను బట్టి అది ఏ బ్యాంకుది, ఏ రకానిది అని తెలుస్తుంది. మీ పేరు మీద ఈ మూడు నెలల్లో ఇంకా ఎన్ని ప్రవేశాలు మిగిలాయన్నది వేరే చోట రాసి ఉంటుంది. అసలు డబ్బు తర్వాత బ్యాంకు కడుతుంది. బ్యాంకుకీ లాంజ్ నడిపేవారికీ మధ్య చాలాసార్లు ఒక దళారీ కంపెనీ ఉంటుంది.

ఈ గొలుసులో ఎక్కడ తెగినా కౌంటర్‌లో కనిపించేది ఒకటే మాట: ‘సారీ సార్, డిక్లైన్ అయింది’. కారణం ఆ అమ్మాయికీ తెలియదు. బ్యాంకు యాప్‌లో దుకాణాల చెల్లింపుల స్విచ్ ఆపేసి ఉండటం ఒక మామూలు కారణం. 2020లో రిజర్వు బ్యాంకు ఈ స్విచ్‌లు తప్పనిసరి చేశాక, మోసాలకు భయపడి వాటిని ఆపేసి మరిచిపోయినవారు చాలామంది. ఫోన్‌లో యూపీఐకి జోడించుకున్న ప్లాస్టిక్ లేని రూపే కార్డుతో వచ్చి, గీకడానికి ఏమీ లేక వెనుదిరిగేవారు మరికొందరు. అప్పుడప్పుడు గొలుసే తెగిపోతుంది. దేశంలో ఈ దళారీ వ్యాపారంలో పెద్ద వాటా ఉన్న డ్రీమ్‌ఫోక్స్ 2025 సెప్టెంబర్ 16 నుంచి దేశీయ లాంజ్ సేవలు ఆపేసింది. బ్యాంకులు నేరుగా లాంజ్‌లతోనో ఇంకొక దళారీతోనో ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది. కార్డు అదే, లాంజ్ అదే, మధ్యలో దారి మాత్రం మారింది. అందుకే నిరుడు పనిచేసిన కార్డు ఈసారీ పనిచేస్తుందన్న ధీమా పనికిరాదు. ప్రయాణానికి ముందు రోజు బ్యాంకు యాప్‌లో లాంజ్ పేజీ తెరిచి చూడటం రెండు నిమిషాల పని.

‘ఉచితం’ అన్న మాట కూడా మునుపటిలా లేదు. కొన్నేళ్ల క్రితం దాకా కార్డు జేబులో ఉంటే చాలు. లాంజ్‌ల ముందు రైల్వే రిజర్వేషన్ కౌంటర్ల దగ్గర ఉన్నంత క్యూలు తయారయ్యాక బ్యాంకులు షరతు పెట్టాయి. ముందటి మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే ఈ మూడు నెలల్లో లాంజ్ అని. ఐసీఐసీఐ బ్యాంకు తన చాలా కార్డులకు 2024 ఏప్రిల్ నుంచి 35 వేల రూపాయల ఖర్చు షరతు పెట్టి, అదే ఏడాది నవంబర్ 15 నుంచి దాన్ని 75 వేలకు పెంచింది. ఇక్కడ జనం పప్పులో కాలేసేది మూడు నెలల లెక్క దగ్గర. జనవరిలో ప్రయాణం ఉందని జనవరిలో కార్డు బాగా వాడితే లాభం లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాడి ఉండాలి. పైగా అద్దె, వాలెట్‌లో వేసుకున్న డబ్బు, పెట్రోలు లాంటివి చాలా బ్యాంకులు ఈ లెక్కలోకి తీసుకోవు. దసరా దీపావళి షాపింగులు అదే కార్డు మీద చేసినవారికి సంక్రాంతి ప్రయాణానికి లాంజ్ దానంతటదే వస్తుంది. మిగతావారికి రాదు.

డబ్బు పెట్టి కొనుక్కునే పాస్ సంగతి వేరు. దాని లెక్క అమెరికాలో ఉండే మనవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. చాలా దేశాల లాంజ్‌లలో చెల్లే ప్రయారిటీ పాస్ నేరుగా కొంటే అక్కడి ధరల్లో మామూలు సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు, ఆపైన వెళ్లిన ప్రతిసారీ 35. ఎన్నిసార్లైనా వెళ్లగలిగే సభ్యత్వం 469. రెండింటికీ తేడా 370 డాలర్లు. దాన్ని 35తో భాగిస్తే పదిన్నర దాటుతుంది. అంటే ఏడాదికి పదకొండుసార్లయినా లాంజ్‌లోకి వెళ్లేవారికే పెద్దది గిట్టుబాటు. డాలస్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా హైదరాబాద్‌కి ఏడాదికోసారి వచ్చి వెళ్లేవారికి రానుపోను కలిపి నాలుగు చోట్ల లాంజ్ దొరుకుతుంది. మామూలు సభ్యత్వంతో వాళ్లకి ఆ నాలుగింటికి అయ్యేది 239 డాలర్లు, అంటే ఒక్కో ప్రవేశం దాదాపు 60 డాలర్లు. కొన్ని లాంజ్‌లు కౌంటర్‌లోనే అంతకన్నా తక్కువకు అమ్ముతాయి.

మన బ్యాంకులు కార్డుతో పాటు ఇచ్చే ప్రయారిటీ పాస్‌లో మరో చిక్కు ఉంది. సభ్యత్వం ఉచితమే, ప్రవేశాలు మాత్రం కొన్నే, అవీ చాలా కార్డుల మీద దేశం బయటే చెల్లుతాయి. అది తెలియక శంషాబాద్‌లో క్రెడిట్ కార్డు బదులు ఆ నల్ల పాస్ చూపించినవారికి నెల తిరిగాక డాలర్లలో బిల్లు వస్తుంది. దాని మీద జీఎస్టీ కూడా ఉంటుంది. దేశం లోపల క్రెడిట్ కార్డు, దేశం బయట పాస్ అని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు జరగదు.

లోపల ఏముంటుంది? బఫే భోజనం, టీ కాఫీ మెషిన్, వైఫై, చార్జింగ్ ప్లగ్గులు, కాస్త మెత్తటి కుర్చీ, బయటికన్నా శుభ్రమైన బాత్‌రూమ్. పొద్దున పూట ఇడ్లీ, ఉప్మా, పోహా లాంటివి. రాత్రికి అన్నం, పప్పు, ఏదో ఒక పనీర్ కూర, పెరుగన్నం. రుచి గురించి పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. పెళ్లి భోజనాల్లో రెండో బంతికి వడ్డించిన కూరలా ఉంటుంది. దేశీయ లాంజ్‌లలో మద్యం చాలాచోట్ల విడిగా డబ్బు కట్టి తాగాల్సిందే. స్నానానికి షవర్లు ఎక్కువగా అంతర్జాతీయ వైపు ఉంటాయి. ప్రవేశం కార్డుదారుకి ఒక్కరికే. పక్కనున్నవారికి సొంత కార్డు ఉండాలి, లేకపోతే డబ్బు కట్టాలి. చంటిపిల్లలకు మాత్రం సాధారణంగా అడగరు. లేనిది కూడా ఒకటి చెప్పాలి: విమానం పిలుపులు. మన పెద్ద విమానాశ్రయాల్లో ఇప్పుడు మైకులో ప్రతి విమానాన్నీ పిలవరు. లాంజ్ లోపల అసలే వినబడదు. గోడ మీద తెర ఉంటుంది, అది చూసుకునే బాధ్యత మనదే.

ఇక ఆలస్యం. లాంజ్‌వాళ్ల నియమాలు రెండు. బోర్డింగ్ పాస్ మీద రాసి ఉన్న టైముకి మూడు గంటల కన్నా ముందు రానివ్వరు, కొన్నిచోట్ల రెండు గంటలే. లోపలికి వచ్చాక రెండు గంటల తర్వాత ఉండనివ్వరు, కొన్నిచోట్ల మూడు. కచ్చితమైన అంకె కౌంటర్ దగ్గర బోర్డు మీదే ఉంటుంది. విమానం వేళకు వచ్చే రోజు కోసం రాసిన నియమాలివి. ఆలస్యమైతే గడువు పొడిగించాలని ఎక్కడా లేదు. జనం పల్చగా ఉంటే పొడిగిస్తారు, నిండిపోతే పొడిగించరు. ఆలస్యాల రోజున లాంజ్ ఎప్పుడూ నిండే ఉంటుంది, ఎందుకంటే ఆలస్యమైంది మన విమానం ఒక్కటే కాదు. బయటికి వచ్చి మళ్లీ వెళితే రెండో ప్రవేశం కింద లెక్క. కొన్నిచోట్ల అదే బోర్డింగ్ పాస్ మీద రెండోసారి రానివ్వరు కూడా.

కాబట్టి ఆలస్యం కబురు రాగానే తేల్చుకోవాల్సింది ఇది ఏ రకం ఆలస్యమని. రెండు రకాలున్నాయి, రెండింటికీ వైద్యం వేరు.

మొదటి రకం తెల్లవారుజామువి. జనవరిలో ఢిల్లీని పొగమంచు కమ్మేస్తుంది. హైదరాబాద్‌లో రాత్రంతా నిలిపి ఉంచిన విమానం సిద్ధంగానే ఉంటుంది, సిబ్బంది ఎక్కేసి ఉంటారు. ఢిల్లీలో దిగడానికి అనుమతి రాక ఆగుతుంది. ఇలాంటి ఆలస్యం ఉన్నట్టుండి కుదించుకుపోగలదు. ఎనిమిదింటికి అని చెప్పిన విమానం, మంచు విడిచిందంటే ఏడుంపావుకే జనాన్ని ఎక్కించుకోవచ్చు. ఇండిగో లాంటి సంస్థలు గేటును బయల్దేరే టైముకి 25 నిమిషాల ముందే మూసేస్తాయి. ఈ రకం ఆలస్యంలో లాంజ్‌కి వెళ్లి ఇడ్లీ తిని రావచ్చు గానీ, రిక్లైనర్ మీద దుప్పటి కప్పుకుని పడుకోవడం మాత్రం మంచిది కాదు. ఆలస్యమైన విమానాన్ని లాంజ్‌లో కూర్చుని పోగొట్టుకున్నవారు లేకపోలేదు.

రెండో రకం సాయంత్రానివి. పొద్దున ఢిల్లీలో మొదలైన ఆలస్యం ఒకే విమానం రోజంతా నాలుగైదు ఊళ్లు తిరిగేసరికి సాయంత్రానికి పేరుకుపోతుంది. ఇక్కడ మన విమానం ఇంకా ఊళ్లోకే రాలేదు. రాని విమానం తొందరగా బయల్దేరదు. అందుకే ఈ ఆలస్యం తగ్గడం అరుదు, పెరగడమే మామూలు. దీన్ని మనమే లెక్కగట్టవచ్చు కూడా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కరీంనగర్ నుంచి రిటైరైన దంపతులు ఢిల్లీలో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరారు. జనవరి నెల, విమానం సాయంత్రం 7:30కి. దారిలో ట్రాఫిక్ ఎలా ఉంటుందోనని భయపడి ముందే బయల్దేరడంతో నాలుగింటికల్లా సెక్యూరిటీ కూడా అయిపోయింది. ఆయన క్రెడిట్ కార్డు మీద మూడు నెలలకు రెండు ప్రవేశాలు, ఆమె డెబిట్ కార్డు మీద ఒకటి. లాంజ్‌కి వెళితే, ‘నాలుగున్నర దాటాక రండి సార్’ అన్నారు కౌంటర్‌లో. సరిగ్గా నాలుగున్నరకి వెళ్లి కూర్చుంటే ఏమయ్యేది? ఆరున్నరకి గడువు తీరేది. అప్పటికి ఇద్దరికీ పెద్దగా ఆకలి ఉండదు, సమోసాలూ టీతో సరిపెట్టుకుంటారు. అసలు భోజనం వేళ ఎనిమిదింటికి మళ్లీ వెళదామంటే ఆయనకు ఒక ప్రవేశం మిగిలి ఉంది, ఆమెకు లేదు. భార్యను గేటు దగ్గర కూర్చోబెట్టి తానొక్కడే లోపల పెరుగన్నం తినే మగవాళ్లు ఉంటారేమో గానీ, ఈయన ఆ బాపతు కాదు.

అయితే ఆమె బాత్‌రూమ్‌కి వెళ్లి వచ్చి, ‘ఇప్పుడే తింటే రాత్రికి మళ్లీ ఆకలేస్తుందండీ, కాసేపు ఆగుదాం’ అంది. ఆగారు. 5:50కి ఎయిర్‌లైన్ నుంచి మెసేజ్ వచ్చింది: కొత్త టైము 9:15. కొడుక్కి ఫోన్ చేస్తే అతను ఏ విమానం ఎక్కడుందో మ్యాప్ మీద చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్ తెరిచాడు. వీళ్లను తీసుకెళ్లాల్సిన విమానం ఢిల్లీ నుంచే రావాలి. అది ఇంకా ఢిల్లీలో నేల మీదే ఉంది.

ఇక్కడి నుంచి లెక్క ఎవరికైనా వస్తుంది. ఢిల్లీలో గేటు వదిలి హైదరాబాద్‌లో గేటుకి చేరడానికి దాదాపు రెండుంపావు గంటలు. ఇక్కడ జనం దిగి, లోపల శుభ్రం చేసి, ఇంధనం నింపి, కొత్త జనాన్ని ఎక్కించడానికి ఇంకో 45 నిమిషాలు. మొత్తం మూడు గంటలు. అంటే 9:15 అన్న మాట నిలవాలంటే ఆ విమానం ఢిల్లీని 6:15కి వదలాలి. 6:15 దాటి అది ఎన్ని నిమిషాలు అక్కడే ఉంటే ఇక్కడ అన్ని నిమిషాలు కలుపుకోవడమే. ఎయిర్‌లైన్ చెప్పే కొత్త టైము చాలాసార్లు అన్నీ సవ్యంగా జరిగితే అయ్యే టైము. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, అంతకు మించి వాళ్లకూ అప్పటికి తెలియదు.

ఈ లెక్క ప్రకారం లాంజ్‌కి సరైన వేళ 6:45. అప్పుడు వెళితే 8:45 దాకా ఉండొచ్చు. 9:15కే విమానం బయల్దేరినా గేటు మూసేది 8:50కి. లాంజ్ నుంచి గేటు దాకా నడకకు ఆ ఐదు నిమిషాలు చాలవు కాబట్టి అలా అయితే ఎనిమిదింపావుకే లేవాలి. ఢిల్లీ విమానం కదలడం ఇంకా ఆలస్యమైతే 8:45 దాకా నిశ్చింతగా కూర్చోవచ్చు. ఎప్పుడు లేవాలన్నది ఆ యాప్‌లో పసుపు రంగు బొమ్మ ఎప్పుడు కదిలిందన్న దాన్ని బట్టి తేలుతుంది. అది 6:50కి కదిలింది. మూడు గంటలు కలిపితే 9:50.

6:45కి కౌంటర్ ముందు పదిహేను మంది ఉన్నారు. క్యూలో నిలబడ్డ సమయం గడువులోకి రాదు, కార్డు గీకాకే గడియారం మొదలవుతుంది, అది మేలే. కానీ లాంజ్ పూర్తిగా నిండితే కార్డు మీద వచ్చేవారిని కాసేపు ఆపేసే హక్కు వాళ్లకుంది. పెద్దవాళ్లు తోడుంటే క్యూ పెరగక ముందే, అనుకున్న టైముకన్నా పావుగంట ముందు వెళ్లడం నయం. కౌంటర్‌లో బోర్డింగ్ పాస్‌తో పాటు ఆలస్యం మెసేజ్ కూడా చూపించి, అవసరమైతే గడువు పొడిగిస్తారా అని ముందే అడగాలి. గడువు తీరాక అడిగితే వచ్చే జవాబు కన్నా ముందు అడిగితే వచ్చే జవాబు మెత్తగా ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్లూ మనుషులే కదా.

ఈలోగా ఎయిర్‌లైన్ ఇవ్వాల్సినది మరొకటి ఉంది. లాంజ్ ఉందని దాన్ని వదులుకోనక్కర్లేదు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నియమాల ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణాలకు ఆలస్యం రెండు గంటలు చేరితే ఎయిర్‌లైన్ భోజనం లేదా ఫలహారం ఇవ్వాలి. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణాలకు ఆ హద్దు మూడు గంటలు. హైదరాబాద్ - ఢిల్లీ మొదటి కోవలోకి వస్తుంది. 9:15 అన్నప్పుడు ఆలస్యం గంటా ముప్పావే, కాబట్టి హక్కు లేదు. 9:50కి మారగానే రెండు గంటలు దాటింది, హక్కు వచ్చింది. ఈ గీత ఎక్కడుందో తెలిసినవారు మాత్రమే గేటు దగ్గర అడుగుతారు.

హోటల్ గదికి గీత ఇంకా వింతగా ఉంటుంది. విమానం అసలు టైము రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 లోపు ఉండి, ఆలస్యం ఆరు గంటలు మించితే ఎయిర్‌లైన్ వసతి చూపించాలి. మిగతా వేళల్లో అయితే 24 గంటలు దాటాలి. మన దంపతుల విమానం 7:30ది. అరగంట తేడాతో వాళ్లు ఆ నియమానికి బయట పడ్డారు. ఒకవేళ ఆలస్యం ఆరు గంటలు దాటేలా ఉంటే మాత్రం వేరే విమానమో పూర్తి డబ్బు వాపసో కోరుకునే హక్కు వాళ్లకీ ఉంటుంది. నగదు పరిహారం మాట వేరు. పొగమంచు ఎయిర్‌లైన్ చేతిలో లేనిది కాబట్టి దానికి పరిహారం అడగలేరు.

కార్డు లేనివారికి ఇలాంటి సాయంత్రాలు ఖరీదైనవే. లాంజ్ కౌంటర్ ధర మనిషికి వెయ్యి రూపాయల పైమాటే. టెర్మినల్‌లో ఇద్దరు దోసె, కాఫీతో సరిపెట్టుకున్నా బిల్లు ఊళ్లో హోటల్ బిల్లుకి రెండు మూడింతలు. ఈ బాధ మీదే 2024 డిసెంబర్‌లో కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కేఫ్ మొదలైంది. శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు దాన్ని ప్రారంభించారు. టీ పది రూపాయలు, సమోసా ఇరవై. అలాంటిది ఉన్న విమానాశ్రయంలో రెండు గంటల లోపు ఆలస్యానికి లాంజ్ ప్రవేశం ఖర్చు చేయడం దండగ.

8:45కి ఆ దంపతులు లాంజ్ నుంచి బయటికొచ్చారు. ఫోన్‌లు నిండా చార్జ్ అయ్యాయి, ఆమె వేళకి తిని బీపీ మాత్ర వేసుకుంది. గేటు దగ్గర ఫలహారం పొట్లాలు పంచుతున్నారు. ఆయన మొహమాటపడి పక్కకి తప్పుకుంటే ఆమె వెళ్లి రెండూ తీసుకుని సంచిలో పెట్టుకుంది. విమానం పదింటికి పది నిమిషాల ముందు కదిలింది. ఆయన కార్డు మీద ఇంకో ప్రవేశం మిగిలే ఉంది, మార్చి 31 దాకా. తిరుగు ప్రయాణం ఏప్రిల్ 4న. అది పనికిరాదు. ఏప్రిల్‌కి కొత్తది కావాలంటే ఈ జనవరి నుంచి మార్చి దాకా ఆ కార్డు మీద ఎంత గీకారో బ్యాంకు చూస్తుంది. ఢిల్లీలో కొడుకు ఇంటి సరుకులు ఈసారి నాన్నగారి కార్డు మీదే కొనొచ్చు.